రోజూ జిమ్, రాత్రి షటిల్... అయినా విటమిన్ డి 16.8. ఎలా?

బరంపురం_బ్యాంకోడు
వయసు 31. వారానికి ఐదు రోజులు జిమ్, మూడు రాత్రులు షటిల్. సిగరెట్ లేదు, మందు లేదు. ఆఫీసులో అందరూ ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ తీసుకుంటుంటే నేనూ ఇచ్చాను. షుగరు, కొలెస్ట్రాల్, థైరాయిడ్ అన్నీ బాగున్నాయి. విటమిన్ డి ఒక్కటే 16.8, పక్కన ఎర్ర రంగులో 'లోపం' అని ఉంది.

మా జిమ్ ట్రైనర్ రిపోర్ట్ చూడగానే "అందుకేరా నీ స్క్వాట్ 80 దగ్గర ఆగిపోయింది, అరవై వేల యూనిట్ల సాచెట్లు ఎనిమిది వేసుకో" అన్నాడు. మా మేనేజర్ ఏమో "అందరికీ తక్కువే వస్తుంది, అదో వ్యాపారం, పడేయ్" అంటాడు. నాకు నొప్పులు లేవు, నీరసం లేదు. ఏడాదికి పది నెలలు ఎండ మాడ్చేసే ఊళ్ళో ఉంటూ, ఇంత వ్యాయామం చేస్తూ డి తక్కువ రావడం ఏమిటో అర్థం కావడం లేదు. టెస్ట్ తప్పా, నేను తప్పా?

గుణుపురం_మాస్టారు
బాబూ, జిమ్‌లో చేసేది వ్యాయామమే, సూర్యుడు కాదు. నేను 22 ఏళ్ళుగా ఉదయం 5.30కి నడకకు వెళ్తాను, 6.30కి తూర్పు ముఖంగా సూర్యనమస్కారాలు చేస్తాను. లేత ఎండలోనే డి ఉంటుంది, పది దాటితే ఎండ విషం. ఏ మాత్రా అక్కర్లేదు.

కవ్వల_పులుసు
మాస్టారూ, మీ డి ఎంతో ఎప్పుడైనా చూపించుకున్నారా?

గుణుపురం_మాస్టారు
ఆరోగ్యంగా ఉన్నవాడికి టెస్ట్ ఎందుకయ్యా.

జుట్టు_పోయిన_జగ్గు
డి తక్కువైతే జుట్టు ఊడుతుందా? నాకు 28కే నుదురు వెనక్కి పోయింది. కానీ నా డి 62 వచ్చింది, సూపర్ అన్నారు. మరి ఎందుకు ఊడుతోంది?

సెంట్రిఫ్యూజ్
ల్యాబ్‌లో బయోకెమిస్ట్రీ బెంచి మీద పదకొండేళ్ళుగా పని చేస్తున్నా. ముందు బ్యాంకోడు గారికి ఒక ప్రశ్న. జిమ్ ఎన్ని గంటలకు? ఆఫీసుకు ఎలా వెళ్తారు? మధ్యాహ్నం అన్నం ఎక్కడ తింటారు?

బరంపురం_బ్యాంకోడు
జిమ్ ఉదయం 5.45 నుంచి 7. అది ఒక బట్టల షాపు కింద సెల్లార్‌లో ఉంది. తొమ్మిదింటికి బండి మీద ఆఫీసుకు. దుమ్ము వల్ల ఫుల్ హెల్మెట్, జాకెట్, చేతులకు తొడుగులు. అన్నం ఆఫీసు లోపలే, క్యారేజీ. బయటికి వచ్చేసరికి 6.30, 7. షటిల్ ఇండోర్ కోర్టు, రాత్రి 8.30కి.

రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. ఆదివారం తప్ప నన్ను సూర్యుడు చూడటం లేదు. ఆదివారం మధ్యాహ్నం పడుకుంటాను.

కవ్వల_పులుసు
గబ్బిలం బ్రో 🦇

సెంట్రిఫ్యూజ్
మీ ప్రశ్నకు సగం జవాబు మీరే రాసేశారు. వ్యాయామం డి తయారు చేయదు. చర్మం మీద పడే అతినీలలోహిత కిరణాల్లో బి రకం మాత్రమే చేస్తుంది. అది గాజులోంచి రాదు. బ్యాంకు అద్దం పక్కన ఎండలో కూర్చున్నా ఒళ్ళు వేడెక్కుతుంది కానీ డి రాదు.

మాస్టారు గారికి కోపం రాకూడదు. ఉదయం 6.30 ఎండ ఏటవాలుగా, మందపాటి గాలి పొరలోంచి వస్తుంది. ఆ దారిలో బి కిరణాలు దాదాపు అన్నీ ఓజోన్ దగ్గరే ఆగిపోతాయి. కంటికి వెలుతురు కనిపిస్తుంది, ఒంటికి హాయిగా ఉంటుంది, నిద్ర బాగా పడుతుంది. డి మాత్రం లెక్కలోకి రాదు. తిరుపతిలో చర్మంలో ఉండే ముడిపదార్థాన్ని గాజు గొట్టాల్లో పోసి, గంట గంటకీ ఎండలో పెట్టి చూశారు. 11 నుంచి 2 మధ్యలోనే ఎక్కువగా మారింది.

ఇంట్లోనే తెలుసుకునే మార్గం ఒకటి ఉంది. ఎండలో నిలబడి మీ నీడ చూసుకోండి. నీడ మీకంటే పొడుగ్గా ఉంటే ఆ ఎండలో డి నామమాత్రం. మీకంటే పొట్టిగా ఉంటే పని జరుగుతున్నట్టు.

గుణుపురం_మాస్టారు
మా తాతగారు ఏ నీడా కొలవకుండా 91 ఏళ్ళు బతికారు.

పర్లాకిమిడి_పద్మ
మాస్టారూ, మీ తాతగారు పొలం వెళ్ళేవారు కదా? అంటే పదకొండింటి ఎండలో గోచీతో ఉండేవారు. మనం ఆయన వయసు మాత్రమే గుర్తుపెట్టుకుంటాం, ఆయన పొలం మర్చిపోతాం.

గుణుపురం_మాస్టారు
అమ్మా, అది నిజమే. పొలమే.

రాయగడ_రన్నర్
నేను బయటే పరిగెడతా, నాకూ 13 వచ్చింది. వారానికి 60 కిలోమీటర్లు. కానీ 4.45కి మొదలుపెట్టి 6.30కి ఇంట్లో ఉంటా. అంటే సెంట్రిఫ్యూజ్ గారి లెక్కన నేను చీకట్లో పరిగెత్తినట్టే.

నా కథ వినండి. పోయిన ఏడాది కుడి కాలి ముందు ఎముక కింది భాగంలో ఒకే చోట, వేలు పెట్టి నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. రెండు వారాలు అలాగే పరిగెత్తా. తర్వాత ఎమ్మారైలో స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. అప్పుడు డి చూస్తే 13. అంటే డి లేకే ఎముక విరిగింది. కాబట్టి పరిగెత్తేవాళ్ళందరూ టెస్ట్ చేయించాలి, ఇది నా మాట.

సెంట్రిఫ్యూజ్
రన్నర్ గారూ, ఆ నెలలో దూరం పెంచారా?

రాయగడ_రన్నర్
హాఫ్ మారథాన్ ఉందని 30 నుంచి 60కి. ఐదు వారాల్లో. ఎందుకు?

కవ్వల_పులుసు
నేరస్థుడు దొరికాడు.

సెంట్రిఫ్యూజ్
ఎముకకు దెబ్బ కొట్టింది ఆ పెంపు. డి తక్కువగా ఉండటం వల్ల అది కోలుకోవడం కష్టమై ఉండొచ్చు. డి ఒక్కటే కారణమని చెప్పలేం, కారణం కాదనీ చెప్పలేం. అమెరికా నావికాదళంలో చేరిన అమ్మాయిల మీద 2008లో ఒక పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. శిక్షణ కాలంలో రోజుకు 800 యూనిట్ల డి, 2,000 మిల్లీగ్రాముల కాల్షియం ఇస్తే స్ట్రెస్ ఫ్రాక్చర్లు సుమారు 20 శాతం తగ్గాయి. కానీ రెండూ కలిపి ఇచ్చారు, అందులో డి వాటా ఎంతో విడదీయలేం. నెలల తరబడి బరువైన శిక్షణ చేసేవాళ్ళకి, ఒకసారి ఎముక చిట్లినవాళ్ళకి టెస్ట్ అడిగితే నేను తప్పు అనను. బ్యాంకోడు గారిలా సరదాగా జిమ్ చేసేవాళ్ళ సంగతి వేరు.

రాయగడ_రన్నర్
వేరంటే వాళ్ళు చేయించక్కర్లేదా? ల్యాబ్‌లో పని చేస్తూ టెస్ట్ వద్దంటున్నారు, మీ ఓనర్ చదివితే?

సెంట్రిఫ్యూజ్
అందుకే కదండీ ఈ పేరుతో రాస్తున్నా.

2024లో అమెరికా ఎండోక్రైన్ సొసైటీ కొత్త సూచనలు ఇచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో ఊరికే డి టెస్ట్ చేయొద్దంది. లావుగా ఉన్నవాళ్ళనీ, ముదురు రంగు చర్మం వాళ్ళనీ కూడా ఆ కారణంతోనే టెస్ట్ చేయొద్దంది. 2011లో ఇదే సొసైటీ 20 లోపు లోపం, 20 నుంచి 30 చాలదు అని గీత గీసింది. మన రిపోర్టుల్లో ఇంకా ఆ పాత గీతే ఉంది. 30 ఉండాలన్న మాటను వాళ్ళే ఇప్పుడు వెనక్కి తీసుకున్నారు. 20 ఉంటే దాదాపు అందరి ఎముకలకూ సరిపోతుందని 2011లోనే అమెరికాలో ఇంకో పెద్ద సంస్థ చెప్పింది. నిజంగా భయపడాల్సింది 12 కంటే కిందికి పోయినప్పుడు.

పైగా అంకెను మరీ నమ్మొద్దు. ఒకే రక్తాన్ని రెండు ల్యాబుల్లో వేరు వేరు మెషీన్లలో పెడితే 16.8 ఒకచోట 15, ఇంకోచోట 19 రావడం నేనే చూశాను.

మస్కట్_బాబు
నాది 48 అండి. ఇక్కడి ఆస్పత్రిలో చేయించా. లోపల ఏసీ ఆఫీసులో ఉంటూ 48 అంటే నేను లక్కీయే కదా? మాది ఛత్రపురం దగ్గర.

సెంట్రిఫ్యూజ్
బాబు గారూ, రిపోర్టులో అంకె పక్కన యూనిట్ ఏముందో చూడండి. నానోగ్రాములా, నానోమోల్సా?

మస్కట్_బాబు
nmol/L అని ఉంది.

సెంట్రిఫ్యూజ్
అయితే రెండున్నరతో భాగించండి. మనవాళ్ళ నానోగ్రాముల లెక్కలో మీది 19.

మస్కట్_బాబు
అయ్యబాబోయ్. వాట్సాప్‌లో మా బావకి గొప్పగా పెట్టేశాను.

కవ్వల_పులుసు
డిలీట్ ఫర్ ఎవ్రీవన్.

ఛత్రపురం_చిన్నోడు
అరవై వేల సాచెట్ అని తేలిగ్గా అంటున్నారు, మా పెదనాన్న సంగతి చెప్తా. మోకాళ్ళ నొప్పికి వెళ్తే డి తక్కువుందని డాక్టరు సాచెట్లు రాశారు. వారానికొకటి, ఎనిమిది వారాలు. చీటీ మీద రాత అర్థం కాలేదు, షాపువాడు "రోజూ రాత్రి పాలల్లో" అన్నాడు. పెదనాన్న మనిషి చాలా క్రమశిక్షణ. చీటీ చూపించి మళ్ళీ మళ్ళీ కొన్నారు, రెండు నెలలు ఒక్క రాత్రి మానలేదు.

మొదట మలబద్ధకం. తర్వాత విపరీతమైన దాహం, రాత్రి ఆరేడుసార్లు లేవడం. షుగరేమో అని చూస్తే లేదు. ఆ తర్వాత అన్నం చూస్తే వాంతి, మనిషి అర్థం లేకుండా మాట్లాడటం. ఆస్పత్రిలో కాల్షియం 13.4. డి మెషీన్ కొలవగలిగిన హద్దు దాటింది, 150 పైన అని మాత్రమే ఇచ్చారు. క్రియాటినిన్ కూడా పెరిగింది. నాలుగు రోజులు సెలైన్, మాత్రలు. కాల్షియం మామూలు స్థాయికి రావడానికి నెలన్నర పట్టింది.

సెంట్రిఫ్యూజ్
60 సాచెట్లు అంటే 36 లక్షల యూనిట్లు. వారానికొకటి అయితే ఎనిమిదికీ కలిపి 4 లక్షల 80 వేలు. మందు మానేశాక కూడా ఒంట్లోంచి త్వరగా పోదు, కొవ్వులో నిలవ ఉంటుంది. అందుకే నెలన్నర.

ఎండకి ఈ బాధ లేదు. ఎంతసేపు నిలబడినా చర్మం ఒక హద్దు దాటాక అదనంగా తయారైన దాన్ని పనికిరాని వేరే పదార్థాలుగా మార్చేస్తుంది. మాడిపోతాం కానీ డి ఎక్కువ కాదు. సాచెట్‌కి అలాంటి బ్రేక్ లేదు.

పర్లాకిమిడి_పద్మ
మీరంతా జిమ్ వాళ్ళ గురించి మాట్లాడుతున్నారు, నేను మా అమ్మ గురించి రాస్తా. అమ్మకి 66. రెండేళ్ళుగా తొడల్లో, నడుములో నొప్పి. వయసు, అరుగుదల అని నొప్పి మాత్రలతో సరిపెట్టారు. నాకు అనుమానం వచ్చింది ఒక్క విషయంలో. కత్తిపీట ముందు కూర్చుని కూర తరిగి లేవాలంటే రెండు చేతులూ నేలకి ఆనించి, తర్వాత మోకాళ్ళ మీద, తర్వాత గోడ పట్టుకుని లేచేది. మోకాలు నొప్పి కాదట, "తొడల్లో సత్తువ లేదే" అనేది. నడక కూడా బాతులా అటూ ఇటూ ఊగేది.

మా ఇల్లు పాత పెంకుటిల్లు, లోపలే వంటిల్లు, లోపలే పూజ. ఆవిడ వీధిలోకి వచ్చేది సాయంత్రం ముగ్గుకి. చేప, గుడ్డు ముట్టదు. డి 6 వచ్చింది. కాల్షియం 8.1, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మామూలు కంటే రెట్టింపు. ఎముకలు మెత్తబడ్డాయి అన్నారు.

కాబట్టి టెస్ట్ అనవసరం అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

సెంట్రిఫ్యూజ్
పద్మ గారూ, మీ అమ్మగారికి చేసింది ఊరికే చేసిన టెస్ట్ కాదు. నేల మీంచి లేవలేకపోవడం, తొడల్లో సత్తువ పోవడం, బాతు నడక, ఇవి ఉన్నప్పుడు డి, కాల్షియం, ఫాస్ఫటేజ్ చూడకపోతేనే తప్పు. ఆలస్యంగా చూశారు, అంతే. నేను వద్దన్నది ఏ బాధా లేని 31 ఏళ్ళ మనిషికి ప్యాకేజీలో చేసే టెస్ట్.

పర్లాకిమిడి_పద్మ
సరే. కానీ ఆ బాధ ఉందని గుర్తించేవాళ్ళు ఏరి? ప్యాకేజీలో దొరికినా దొరికినట్టే కదా.

సెంట్రిఫ్యూజ్
ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు.

బరంపురం_బ్యాంకోడు
నిన్న ఆదివారం. మధ్యాహ్నం నిద్ర మానేసి డాబా మీద నీడ కొలిచాను. బాత్రూమ్ వైపర్ కర్ర, సరిగ్గా 120 సెంటీమీటర్లు, నిలువుగా పట్టుకుని మా ఆవిడ నిలబడింది, నేను టేపు పట్టుకున్నా. ఎదురింటి వాళ్ళు ఏమనుకున్నారో తెలీదు.

ఉదయం 7కి నీడ డాబా దాటి పిట్టగోడ ఎక్కేసింది, కొలవడం కుదరలేదు. 8కి 3 మీటర్ల పైనే. 9.30కి 160. 10.45కి 118, అంటే కర్రకి సమానం. 11.45కి 109. మధ్యాహ్నం 12.45కి మళ్ళీ 119. అంటే డిసెంబర్‌లో మన బరంపురంలో నీడ పొట్టిగా ఉండేది మొత్తం రెండు గంటలే. అప్పుడు నేను క్యాష్ కౌంటర్ వెనకాల ఉంటాను.

సెంట్రిఫ్యూజ్
భలే చేశారు! మనకి మధ్యాహ్నం గడియారంలో 12కి కాదు, పావుగంట ముందే అవుతుంది. అది కూడా మీ కొలతలో కనిపిస్తోంది. అదే మే నెలలో ఈ కర్ర పెడితే ఉదయం 8.40కే నీడ కర్రంత అవుతుంది. అంటే వేసవిలో పదకొండింటి ఎండలో చావక్కర్లేదు, 9కి ఇరవై నిమిషాలు చేతులు కాళ్ళు బయట పెడితే చాలావరకు పని అవుతుంది. ఎన్ని నిమిషాలన్నది ఒంటి రంగు, బట్టలు, వయసు బట్టి మారుతుంది. మన రంగుకి తెల్లవాళ్ళకంటే ఎక్కువసేపు కావాలి. నీడ కర్రంత అయ్యేముందు సున్నా, తర్వాత వంద అని కూడా కాదు, మెల్లగా పెరుగుతుంది.

గుణుపురం_మాస్టారు
నేను కూడా చేతికర్ర పెట్టి చూశాను. 6.40కి నీడ పక్కింటి జామచెట్టు దాకా పోయింది. సూర్యనమస్కారాలు మాత్రం మానను. అది వేరు, ఇది వేరు.

సెంట్రిఫ్యూజ్
మానొద్దు మాస్టారూ. తర్వాత పదకొండింటికి ఒక కుర్చీ డాబా మీద వేసుకోండి, పేపరు అక్కడే చదవండి.

కవ్వల_పులుసు
తిండి గురించి ఎవరూ అనరేం? గోపాల్‌పూర్ నుంచి కవ్వలు, కానాగంతలు తెప్పించుకుని తినండి. పఖాళ పక్కన కవ్వల వేపుడు. మందు దేనికి.

సెంట్రిఫ్యూజ్
కొవ్వున్న సముద్రపు చేపలో డి ఉన్న మాట నిజం. వారానికి మూడుసార్లు తింటే కొంత వస్తుంది. గుడ్డు పచ్చసొనలో 40 యూనిట్లు చిల్లర. పాల ప్యాకెట్ మీద ఎఫ్ గుర్తు ఉంటే లీటరుకి 200 నుంచి 300 యూనిట్లు కలుపుతారు. రోజుకి కావాల్సింది 600 అని మన జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క. శాకాహారులకి తిండిలోంచి రావడం కష్టమే.

బరంపురం_బ్యాంకోడు
అయితే నేనేం చేయాలి? ట్రైనర్ మాట వినాలా, మేనేజర్ మాటా?

సెంట్రిఫ్యూజ్
మందు రాసేది నేను కాదు, డాక్టర్ని అడగండి. నాకు తెలిసిన లెక్క చెప్తా. రోజుకి 1,000 యూనిట్లు వేసుకుంటే మూడు నెలల్లో సుమారు 10 నానోగ్రాములు పెరుగుతుంది. మనిషిని బట్టి అటూ ఇటూ. మీ 16.8 అలా 25 దాటుతుంది. అంత చాలు. చిక్కేమిటంటే మన మెడికల్ షాపుల్లో చిన్న డోసు అడిగితే ముఖం చిట్లిస్తారు, అరవై వేలు మాత్రం బఠాణీల్లా ఇస్తారు. నెలకొక అరవై వేలు అంటే రోజుకి 2,000 లెక్క, అది కూడా చాలామంది డాక్టర్లు రాసేదే. రోజుకి 4,000 దాటి సొంతంగా వేసుకోవద్దు.

ఏది వేసుకున్నా నెయ్యో నూనో ఉన్న పెద్ద భోజనం తర్వాత. జిమ్ ముందు బ్లాక్ కాఫీతో కాదు. మళ్ళీ టెస్ట్ కనీసం మూడు నెలల తర్వాతే. నెలకే చేయిస్తే అంకె ఇంకా కదులుతూ ఉంటుంది, డబ్బు దండగ.

స్క్వాట్ సంగతి: నిజంగా లోపం ఉన్నవాడికి కండబలం కొంచెం మెరుగవ్వచ్చు. 16.8 ఉన్నవాడికి 80 కిలోలు 100 అవుతాయని చెప్పే ట్రైనర్ సాచెట్ అమ్మినా అమ్ముతాడు.

రాయగడ_రన్నర్
30 పైన ఉంటేనే ఆటగాళ్ళకి మంచిదని నేను చాలా చోట్ల చదివాను. 25 చాలు అంటే నేను ఒప్పుకోను.

సెంట్రిఫ్యూజ్
ఒప్పుకోకండి, 30 ఉంటే నష్టం లేదు. కానీ 25 ఉన్నవాళ్ళని 35కి తీసుకెళ్తే మేలు జరిగిందని గట్టిగా చూపించిన పరీక్ష నేను చూడలేదు. అమెరికాలో 25 వేల పైచిలుకు మందికి రోజుకి 2,000 యూనిట్లు ఐదేళ్ళు ఇచ్చారు, ఎముకలు విరగడం తగ్గలేదు. వాళ్ళలో చాలామందికి మొదటే సరిపడా డి ఉంది, అది కూడా గుర్తుంచుకోవాలి.

జుట్టు_పోయిన_జగ్గు
నా ప్రశ్న ఎవరూ చూడలేదు. 62 ఉండి జుట్టు ఎందుకు ఊడుతోంది?

సెంట్రిఫ్యూజ్
జగ్గు గారూ, డి మాత్రలు ఏమైనా వాడుతున్నారా? ఎండలో పనా?

జుట్టు_పోయిన_జగ్గు
రెండూ లేవు. సాఫ్ట్‌వేర్, ఇంటి నుంచి పని. జుట్టుకి బయోటిన్ 10 మిల్లీగ్రాములు రోజూ పొద్దున వేసుకుంటా.

సెంట్రిఫ్యూజ్
దొరికింది. కొన్ని మెషీన్లలో డి కొలిచే పద్ధతిలోనే బయోటిన్ వాడతారు. రక్తంలో మీ మాత్ర తాలూకు బయోటిన్ ఎక్కువగా ఉంటే మెషీన్ మోసపోయి డి ఎక్కువగా చూపిస్తుంది. థైరాయిడ్ అంకెలు కూడా తారుమారు అవుతాయి. మూడు రోజులు ఆపి మళ్ళీ ఇవ్వండి, ఇచ్చేముందు ల్యాబ్‌లో బయోటిన్ సంగతి చెప్పండి.

బరంపురం_బ్యాంకోడు
మూడు నెలల తర్వాత పాత చర్చ పైకి లాగుతున్నా. డాక్టరు నెలకొక అరవై వేలు రాశారు, మూడు వేసుకున్నా. ఆదివారం పదకొండింటికి డాబా మీద బట్టలు ఆరేసే డ్యూటీ నాదే అయింది, మా ఆవిడ దానికి విటమిన్ పేరు పెట్టి ఖాయం చేసేసింది. ఈ వారం డి 31. స్క్వాట్ అదే 80.

ట్రైనర్‌కి చెప్తే "ఇంకో ఎనిమిది వేసుకో" అన్నాడు.

కవ్వల_పులుసు
😂😂

రాయగడ_రన్నర్
31! నేను చెప్పానా లేదా.

బరంపురం_బ్యాంకోడు
నువ్వు చెప్పింది 30 ఉంటే ఆట బాగుంటుందని. షటిల్‌లో ఇంకా ఓడిపోతూనే ఉన్నా అన్నా.

పర్లాకిమిడి_పద్మ
అమ్మకి వారానికొకటి చొప్పున ఇచ్చి, కాల్షియం కలిపారు. ఆరో వారానికి తొడ నొప్పి తగ్గింది. మొన్న కత్తిపీట దగ్గర నుంచి ఒక్క చెయ్యి ఆనించి లేచింది, నేను చూస్తున్నానని తెలీదు. ఫాస్ఫటేజ్ మాత్రం ఇంకా ఎక్కువే ఉంది, దిగడానికి నెలలు పడుతుందన్నారు.

జుట్టు_పోయిన_జగ్గు
బయోటిన్ నాలుగు రోజులు ఆపి అదే ల్యాబ్‌లో ఇచ్చా. 62 కాస్తా 21 అయింది. సెంట్రిఫ్యూజ్ గారికి దండాలు. ఇంతకీ బయోటిన్ మానేశాక జుట్టు ఇంకా ఎక్కువ ఊడుతోంది, దానికి ఏ టెస్ట్?